ఆస్పిరిన్ ఐఆర్ వర్ణపటంలో రెండు కార్బొనిల్ బ్యాండ్లు, రెండు హైడ్రాక్సిల్ బ్యాండ్లు: ఏది దేనిది, ఎందుకు?

ప్రశ్న: సాలిసిలిక్ ఆమ్లాన్ని ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపి ఆస్పిరిన్ తయారు చేశాను. KBr బిళ్లతో తీసిన ఐఆర్ వర్ణపటంలో 1753, 1689 దగ్గర రెండు బలమైన బ్యాండ్లు, 3300 నుంచి 2500 దాకా ఒక వెడల్పాటి బ్యాండ్, 3430 దగ్గర బలహీనమైన ఇంకో వెడల్పాటి బ్యాండ్ వచ్చాయి. 1605 బ్యాండ్ పక్కన 1635 దగ్గర చిన్న ఉబ్బు కూడా ఉంది. 1753ను ఆమ్లం C=O గా, 1689ను ఎస్టర్ C=O గా, 3430ను మిగిలిపోయిన సాలిసిలిక్ ఆమ్లం ఫినాల్ O–H గా రిపోర్టులో రాశాను. మాస్టారు "కారణం లేదు" అని రాసి వెనక్కి ఇచ్చారు. నా అంకెలన్నీ పట్టికలోని పరిధుల్లోనే ఉన్నాయి కదా, ఇంకా ఏం రాయాలి?

జవాబు:

రెండు కార్బొనిళ్లూ తారుమారయ్యాయి. 1753 ఎస్టర్‌ది, 1689 కార్బాక్సిలిక్ ఆమ్లానిది. 3430 దగ్గర ఉన్నది సాలిసిలిక్ ఆమ్లపు ఫినాల్ O–H కాదు, దాదాపు నిశ్చయంగా తేమ. ఈ మూడింటినీ సరిదిద్ది రాసినా మాస్టారి అభ్యంతరం అలాగే నిలుస్తుంది, ఎందుకంటే ఆయన అడిగింది సరైన పేరు కాదు, ఆ పేరే ఎందుకు సరైనదన్నది.

పట్టిక చెప్పేది ఒక తరంగసంఖ్య దగ్గర ఏయే సమూహాలు కనిపించే అవకాశం ఉందో మాత్రమే. 1753 సెం.మీ.⁻¹ దగ్గర (ఇకపై ప్రమాణం రాయకుండా అంకె మాత్రమే రాస్తాను) సాధారణ ఎస్టర్, ఫినాల్ ఎస్టర్, ఐదు సభ్యుల వలయ కీటోన్, ఎన్‌హైడ్రైడ్ తాలూకు రెండు బ్యాండ్లలో ఒకటి, హైడ్రోజన్ బంధం లేని ఒంటరి ఆమ్ల అణువు, ఇవన్నీ రాగలవు. ఆ జాబితాలోంచి ఒక్కదాన్ని ఉంచి తక్కినవాటిని ఏ ఆధారంతో తీసేశారో చెప్పినప్పుడే అది కారణం అవుతుంది. ఆధారాలు బ్యాండ్ స్థానం నుంచి, దాని ఆకారం నుంచి, ఆ సమూహమే నిజమైతే వర్ణపటంలో మరోచోట తప్పక ఉండవలసిన తోడు బ్యాండ్ నుంచి వస్తాయి. మీ వర్ణపటంలో ఈ మూడూ ఉన్నాయి. వాటిని కలిపి చదవడమే మిగిలింది.

ముందుగా కార్బొనిళ్లు. C=O సాగుడు కంపనం ఎక్కడ వస్తుందన్నది ఆ బంధం ఎంత బిగువుగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. కార్బన్, ఆక్సిజన్ ద్రవ్యరాశులు రెండు సమూహాల్లోనూ ఒకటే కాబట్టి, తరంగసంఖ్యలో తేడా దాదాపు పూర్తిగా బలస్థిరాంకంలో తేడాయే. రెండు పరమాణువుల స్ప్రింగు నమూనాతో లెక్క వేస్తే 1753కు బలస్థిరాంకం మీటరుకు సుమారు 1240 న్యూటన్లు, 1689కు సుమారు 1150 న్యూటన్లు వస్తుంది. నిజమైన అణువులో కంపనాలు ఒకదానితో ఒకటి కొంత కలిసిపోతాయి కాబట్టి ఈ విలువలను యథాతథంగా నమ్మనక్కరలేదు, పోలికకు మాత్రం అవి సరిపోతాయి. ఒక కార్బొనిల్ రెండోదానికంటే సుమారు 8 శాతం బిగువుగా ఉందన్నమాట. ఇప్పుడు ఆస్పిరిన్ నిర్మాణాన్ని ముందు పెట్టుకొని, రెండింటిలో బిగువైనది ఏది కావాలో ఆలోచించాలి.

ఆమ్ల సమూహాన్ని తీసుకోండి. దాని బంధాన్ని వదులు చేసే కారణాలు రెండున్నాయి. మొదటిది, ఆ కార్బొనిల్ నేరుగా బెంజీన్ వలయానికి అతుక్కొని ఉండడం. వలయంలోని ఎలక్ట్రాన్లు C=O తో సంయుగ్మం చెందినప్పుడు దాని ద్విబంధ స్వభావం కొంత తగ్గుతుంది, బ్యాండ్ సాధారణంగా 20 నుంచి 30 దాకా కిందికి జరుగుతుంది. రెండవది హైడ్రోజన్ బంధం. ఘనస్థితిలో ఆస్పిరిన్ అణువులు రెండేసి చొప్పున ఎదురెదురుగా జతకట్టి డైమర్లుగా ఉంటాయి. ఒక్కొక్క అణువు O–H రెండవ అణువు C=O కు హైడ్రోజన్ బంధం ఇస్తుంది. ఆక్సిజన్ మీది ఎలక్ట్రాన్ జంట కొంత ఆ హైడ్రోజన్ వైపు లాగబడడంతో C=O ఇంకా వదులవుతుంది. ఒంటరి సంతృప్త ఆమ్ల అణువు 1760 దగ్గర కనిపిస్తే, అదే డైమర్‌గా మారినప్పుడు 1710 దగ్గరికి దిగుతుంది. దాని మీద వలయపు సంయుగ్మం కూడా చేరితే 1680–1700 పరిధి వస్తుంది. మీ 1689 ఆ పరిధి మధ్యలో ఉంది.

ఎస్టర్ కార్బొనిల్ పరిస్థితి ఇందుకు పూర్తిగా వేరు. అది వలయానికి నేరుగా అతుక్కొని లేదు, మధ్యలో ఒక ఆక్సిజన్ ఉంది. అవతలి పక్కన ఉన్నది మిథైల్ సమూహం. కాబట్టి C=O కు వలయంతో సంయుగ్మం లేదు. పైగా మామూలు ఎస్టర్‌లో మధ్య ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటను కార్బొనిల్‌కు ఇచ్చి దాన్ని కొంత వదులు చేస్తుంది. ఫినాల్ ఎస్టర్‌లో ఆ జంటను వలయం కూడా తనవైపు లాగుతుంది కనుక కార్బొనిల్‌కు అందేది తగ్గి, బంధం మరింత బిగువుగా మిగులుతుంది. ఇథైల్ ఎసిటేట్ 1740 దగ్గర కనిపిస్తే ఫినైల్ ఎసిటేట్ 1765 దగ్గర కనిపించడానికి ఇదే కారణం. ఆస్పిరిన్‌లో 1753 ఈ రెండింటి నడుమ ఉంది. ఘనస్థితిలో చుట్టుపక్కల అణువుల ప్రభావంతో కొంత అటూ ఇటూ కావడం మామూలే. కాబట్టి పై బ్యాండ్ ఎస్టర్‌ది, కింది బ్యాండ్ ఆమ్లానిది.

ఇక్కడ జాగ్రత్తగల పరీక్షకుడు ఒక ప్రశ్న వేయగలడు. ఒంటరి ఆమ్ల అణువు కూడా 1760 దగ్గరే వస్తుందని ఇప్పుడే చెప్పారు కదా, అలాంటప్పుడు 1753 ఆమ్లానిది ఎందుకు కాకూడదు? ఈ ప్రశ్నకు కార్బొనిల్ ప్రాంతాన్ని మాత్రమే చూస్తూ జవాబు చెప్పలేం. హైడ్రాక్సిల్ ప్రాంతంలోకి వెళ్లక తప్పదు. ఆమ్లం నిజంగా ఒంటరిగా ఉంటే దాని O–H కు హైడ్రోజన్ బంధం ఉండదు, అప్పుడది 3500 దాటిన చోట సన్నని, సూదిలాంటి బ్యాండ్‌గా రావాలి. మీ వర్ణపటంలో అది లేదు. దాని బదులు 3300 నుంచి 2500 దాకా పరుచుకున్న బ్యాండ్ ఉంది, అది బలమైన హైడ్రోజన్ బంధంలో ఉన్న ఆమ్లపు O–H లక్షణం. ఒకే హైడ్రోజన్ బంధం ఒక చివర O–H ను కిందికి దించి వెడల్పు చేస్తుంది, మరో చివర C=O ను కిందికి దించుతుంది. O–H డైమర్‌దని ఒప్పుకుంటే C=O కూడా డైమర్‌దే కావాలి, కాబట్టి అది 1689 కావాలి. చాలా రిపోర్టుల్లో కార్బొనిల్, హైడ్రాక్సిల్ వరుసలను పట్టికలో విడివిడిగా నింపేస్తారు. నా దృష్టిలో అసలు లోపం అక్కడే ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం ఇచ్చే బ్యాండ్లు.

మిగిలిన ప్రత్యామ్నాయాల్లో ఎన్‌హైడ్రైడ్‌ను తప్పక ప్రస్తావించాలి, ఎందుకంటే మీరు వాడిన కారకమే ఎన్‌హైడ్రైడ్, ఎన్‌హైడ్రైడ్లకు కూడా సుమారు 60 నుంచి 70 ఎడంతో రెండు కార్బొనిల్ బ్యాండ్లు ఉంటాయి. మీ రెండు బ్యాండ్ల ఎడం 64. ఎడం ఒక్కటే చూసినవారు ఇక్కడ పొరబడతారు. అయితే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ పై బ్యాండ్ 1820 దాటి వస్తుంది, కింది బ్యాండ్ 1750 దగ్గర ఉంటుంది. మీ వర్ణపటంలో 1800కు పైన కార్బొనిల్ బ్యాండ్ ఏదీ లేదు. కాబట్టి ఆ అవకాశం పోయింది. 1689 ఒక వలయానికి అతుక్కున్న కీటోన్‌ది కావచ్చునా అన్నది రెండో ప్రశ్న. ఎసిటోఫినోన్ కూడా 1685 దగ్గరే వస్తుంది. కానీ కీటోన్‌కు ఆ వెడల్పాటి O–H తోడు ఉండదు, ఈ చర్యలో ఆమ్ల సమూహం కీటోన్‌గా మారే దారి కూడా లేదు. దీనికి ఒక వాక్యం చాలు.

ఇప్పుడు మొదటి పదార్థంతో పోలిక. మీ దగ్గర సాలిసిలిక్ ఆమ్లం సీసా ఉంది కనుక, దాని వర్ణపటాన్ని కూడా అదే పరికరంలో, అదే పద్ధతిలో తీసి పక్కన పెట్టండి. మొత్తం రిపోర్టులో ఇంతకంటే బలమైన ఆధారం మరొకటి దొరకదు. సాలిసిలిక్ ఆమ్లంలో ఒకే కార్బొనిల్ ఉంది, అది 1658 దగ్గర వస్తుంది. వలయంతో సంయుగ్మం ఉన్న ఆమ్ల డైమర్‌కు కూడా ఇది బాగా తక్కువ. పక్కనే ఉన్న ఫినాల్ O–H తన సొంత అణువులోని ఆ C=O కే హైడ్రోజన్ బంధం ఇచ్చి ఆరు సభ్యుల వలయం ఏర్పరచడం వల్ల అది అంత కిందికి దిగింది. అంటే సాలిసిలిక్ ఆమ్లపు C=O మీద రెండు హైడ్రోజన్ బంధాల భారం ఉంది: ఒకటి పక్క అణువు ఆమ్లం నుంచి, మరొకటి సొంత ఫినాల్ నుంచి.

ఎసిటైలేషన్ జరిగినప్పుడు ఆ ఫినాల్ హైడ్రోజన్ పోయి దాని స్థానంలో ఎసిటైల్ సమూహం వస్తుంది. సొంత అణువు లోపలి హైడ్రోజన్ బంధం తెగిపోతుంది. ఆమ్ల సమూహం చర్యలో పాల్గొనకపోయినా, దాని C=O మీద ఒక భారం తగ్గడంతో 1658 నుంచి 1689 దగ్గరికి, సుమారు 30 మేర పైకి లేస్తుంది. దీన్ని మీరు రిపోర్టులో తప్పక రాయాలి. కొత్తగా 1753 రావడం ఎస్టర్ ఏర్పడిందని చెబుతుంది. పాత కార్బొనిల్ 30 మేర పైకి జరగడం ఫినాల్ O–H పోయిందని చెబుతుంది. ఫినాల్ పోయిందనడానికి మామూలుగా అందరూ 3200 ప్రాంతాన్ని చూస్తారు, అక్కడ ఆమ్లపు వెడల్పాటి బ్యాండ్ కప్పేయడంతో నిర్ణయం కష్టమవుతుంది. కార్బొనిల్ ప్రాంతంలో అదే సమాచారం శుభ్రంగా, సన్నని బ్యాండ్ల రూపంలో దొరుకుతుంది.

వెడల్పాటి బ్యాండ్ గురించి మరికొంత చెప్పాలి. "3300–2500, వెడల్పు, O–H" అని రాసి ఊరుకుంటే ఆ వెడల్పు ఎందుకన్నది తెలియదు. డైమర్‌లోని O–H బంధం హైడ్రోజన్ బంధం వల్ల బాగా వదులవుతుంది, అందుకే 3000 చుట్టుపక్కలకు దిగుతుంది. ఆ కంపనం హైడ్రోజన్ బంధపు నెమ్మది కంపనాలతో జతపడడం ఒక కారణంగా, కింది ప్రాంతపు వంపు కంపనాల ఓవర్‌టోన్లు, సంయోగ బ్యాండ్లు దానితో కలిసిపోవడం ఇంకో కారణంగా, అది ఒక్క చోట నిలవకుండా వందల తరంగసంఖ్యల మేర పరుచుకుంటుంది. 2700–2550 మధ్య కనిపించే చిన్న చిన్న మెట్లు ఆ కలయిక గుర్తులు. ఆల్కహాల్ లేదా ఫినాల్ O–H ఎంత వెడల్పయినా సాధారణంగా 3000 దాటి ఇంత లోతుకు రాదు, ఈ మెట్లూ చూపదు. 3100–2900 మధ్య ఆ వెడల్పు మీద ఎక్కి కూర్చున్న సన్నని బ్యాండ్లు C–H వి. వాటిని O–H లెక్కలో వేయకండి.

దీనికి తోడు బ్యాండ్ ఒకటి ఉంది, విద్యార్థుల రిపోర్టుల్లో అది చాలాసార్లు కనిపించదు. డైమర్‌లోని O–H హైడ్రోజన్, డైమర్ తలానికి బయటికి ఊగే వంపు కంపనం 920 చుట్టుపక్కల కొంత వెడల్పాటి, మధ్యస్థ బలపు బ్యాండ్ ఇస్తుంది. ఆస్పిరిన్‌లో ఇది 917 దగ్గర కనిపిస్తుంది. మీ వర్ణపటంలో అక్కడ చూడండి. ఉంటే ఆమ్ల డైమర్ అనే నిర్ణయానికి మూడో ఆధారం దొరికినట్టే. ఎస్టర్ వైపు కూడా ఇలాంటి తోడు కావాలి. C–O సాగుడు కంపనం 1185 దగ్గర బలంగా రావాలి. బలమైన C–O తోడు లేకుండా 1753ను ఎస్టర్ అనడానికి వీల్లేదు. అయితే 1300–1150 ప్రాంతంలో ఆమ్లపు C–O, వలయపు C–H వంపులు కూడా ఉంటాయి కాబట్టి, అక్కడి ప్రతి బ్యాండ్‌కూ ఖచ్చితంగా ఒక పేరు పెట్టాలని ప్రయత్నించకండి. ఎస్టర్ C–O కు పొసిగే బలమైన బ్యాండ్ ఉందని రాస్తే చాలు.

ఇక 3430. మీ తర్కం ఇలా సాగి ఉంటుంది: పట్టికలో ఫినాల్ O–H 3600–3200 అని ఉంది, 3430 అందులో పడుతుంది, సాలిసిలిక్ ఆమ్లంలో ఫినాల్ ఉంది, కాబట్టి చర్య పూర్తి కాలేదు. ఇందులో తప్పిన మెట్టు ఒకటే. సాధారణ ఫినాల్ ఎక్కడ వస్తుందని కాక, సాలిసిలిక్ ఆమ్లంలోని ఫినాల్ ఎక్కడ వస్తుందని అడగాలి. ఆ O–H సొంత అణువు C=O తో హైడ్రోజన్ బంధంలో బంధించబడి ఉంది కనుక అది 3235 దగ్గర, ఆమ్లపు వెడల్పాటి బ్యాండ్ పై అంచున స్పష్టమైన శిఖరంగా వస్తుంది. 3430 అన్నది దానికంటే దాదాపు 200 పైన ఉంది. ఘనస్థితి సాలిసిలిక్ ఆమ్లం ఇంత తేడా చూపదు. రెండవ ఆధారం ఇంతకుముందు చెప్పిన తోడు: సాలిసిలిక్ ఆమ్లం చెప్పుకోదగ్గ మోతాదులో మిగిలి ఉంటే 1658 దగ్గర దాని కార్బొనిల్ కూడా కనిపించాలి, అదీ దాని O–H కంటే బలంగా. O–H కనిపించి C=O కనిపించకపోవడం జరగదు. మీరు 1689, 1605 ల మధ్య చెప్పిన ఉబ్బు 1635 దగ్గర ఉంది, 1658 దగ్గర కాదు.

ఆ 1635 ఉబ్బే అసలు సంగతి చెప్పేస్తోంది. నీటి అణువుకు రెండు O–H బంధాలు ఉండడం వల్ల, కత్తెరలా మూసుకొని తెరుచుకునే వంపు కంపనం ఒకటి ఉంటుంది, అది 1640 దగ్గర వస్తుంది. ఒకే O–H ఉన్న ఫినాల్‌కో ఆల్కహాల్‌కో అలాంటి కంపనం సాధ్యం కాదు. 3430 దగ్గర వెడల్పాటి బ్యాండ్, 1635 దగ్గర బలహీనమైన బ్యాండ్ జంటగా వస్తే అది తేమ. KBr గాలిలోని తేమను పీల్చుకునే లవణం, నూరుతున్నంతసేపూ పీలుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ జంట KBr బిళ్లల్లో తరచుగా కనబడుతుంది.

మరో అవకాశాన్ని కూడా పరిశీలించి పక్కన పెట్టాలి. బలమైన C=O బ్యాండ్‌కు ఓవర్‌టోన్ ఉంటుంది. 1753కు రెట్టింపు 3506, కంపనం పూర్తిగా హార్మోనిక్ కాదు కాబట్టి అది కొంచెం తక్కువగా 3480 చుట్టుపక్కల చాలా బలహీనంగా వస్తుంది. ఎస్టర్లు ఉన్న వర్ణపటాల్లో దీన్ని O–H అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. అయితే ఓవర్‌టోన్ సన్నగా ఉంటుంది, మీరు వెడల్పాటి బ్యాండ్ అన్నారు, స్థానం కూడా దిగువన ఉంది. తేమ బ్యాండ్ తగ్గిన తరవాత 3480 దగ్గర చిన్న సన్నని బ్యాండ్ మిగిలితే అప్పుడు ఓవర్‌టోన్ గుర్తుకు తెచ్చుకోండి.

తేమ అన్నది కూడా ఊహగా మిగలకూడదు, దాన్ని పరీక్షించడం తేలిక. నమూనా కలపకుండా ఒట్టి KBr తో ఒక బిళ్ల చేసి దాని వర్ణపటం తీయండి. అదే 3430, 1635 జంట అదే బలంతో అక్కడా వస్తే ఆ నీరు KBr ది. రాకపోతే నీరు మీ నమూనాలో ఉంది. ఆస్పిరిన్‌ను నీటిలోంచి స్ఫటికీకరించి సరిగా ఆరబెట్టకపోతే అలా జరుగుతుంది, అప్పుడు KBr ను ఎంత ఆరబెట్టినా ప్రయోజనం లేదు. KBr ను 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి, 1–2 మిల్లీగ్రాముల నమూనాను సుమారు 200 మిల్లీగ్రాముల KBr తో త్వరగా నూరి బిళ్ల కట్టండి. నమూనాను మాత్రం అంత వేడిలో పెట్టకండి, ఆస్పిరిన్ 135 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తేమ సమక్షంలో వేడికి తిరిగి సాలిసిలిక్ ఆమ్లంగా, ఎసిటిక్ ఆమ్లంగా విడిపోతుంది. దాన్ని గది ఉష్ణోగ్రత దగ్గరే డెసికేటర్‌లో ఆరబెట్టాలి. మీ ప్రయోగశాలలో ఏటీఆర్ ఉంటే KBr అవసరమే లేకుండా ఆరిన పొడిని నేరుగా పెట్టి తీయవచ్చు. అక్కడ 3430 మాయమైతే నిర్ణయం పూర్తయినట్టే.

ఏటీఆర్ వాడితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. అందులో కాంతి నమూనాలోకి దూరే లోతు తరంగదైర్ఘ్యంతో పాటు పెరుగుతుంది. వజ్రపు స్ఫటికం, 45 డిగ్రీల కోణం ఉన్న పరికరంలో మామూలు కర్బన పదార్థానికి 1700 దగ్గర ఆ లోతు సుమారు 1.2 మైక్రోమీటర్లయితే, 3000 దగ్గర సుమారు 0.7 మాత్రమే. కాబట్టి సవరణ చేయని ఏటీఆర్ వర్ణపటంలో O–H ప్రాంతం KBr వర్ణపటంలో కంటే బలహీనంగా కనిపిస్తుంది, బలమైన కార్బొనిల్ బ్యాండ్లు కొద్దిగా కిందికి జరిగినట్టుంటాయి. సాలిసిలిక్ ఆమ్లాన్ని KBr లోనూ ఆస్పిరిన్‌ను ఏటీఆర్‌లోనూ తీసి, బలాలను పోల్చి "O–H తగ్గింది" అని రాయడం చెల్లదు.

3430 సాలిసిలిక్ ఆమ్లానిది కాదని తేలినంత మాత్రాన పదార్థం శుద్ధమని తేలినట్టు కాదు. ఇక్కడ చాలామంది రెండో అంచుకు వెళ్లి "ఫినాల్ బ్యాండ్ లేదు కాబట్టి ఉత్పన్నం శుద్ధం" అని రాస్తారు. కొద్ది శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటే దాని 1658 బ్యాండ్ 1689 బ్యాండ్ వాలులో కలిసిపోతుంది, 3235 బ్యాండ్ ఆమ్లపు వెడల్పులో మునిగిపోతుంది. ఐఆర్‌తో చెప్పగలిగింది "సాలిసిలిక్ ఆమ్లపు బ్యాండ్లు గుర్తించదగిన స్థాయిలో లేవు" అన్నంత వరకే. చిన్న మోతాదుల ఫినాల్‌ను పట్టడానికి ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష చాలా మేలు, ఊదా రంగు వస్తే ఫినాల్ ఉంది. ద్రవీభవన స్థానం కూడా చూడండి, పదునుగా కరగకుండా దిగువనే మెత్తబడితే మలినం ఉన్నట్టే. ఈ రెండు ఫలితాలనూ ఐఆర్ చర్చ పక్కన రాస్తే ప్రతి పద్ధతీ తాను చెప్పగలిగినంతే చెబుతుంది.

మీ బిళ్ల మందం కూడా ఒకసారి చూసుకోండి. రెండు కార్బొనిల్ బ్యాండ్ల అడుగులూ పారగమ్యత సున్నా దగ్గర చదునుగా అంటుకొని ఉంటే బిళ్లలో నమూనా ఎక్కువైంది. అలాంటప్పుడు శిఖరం అసలు స్థానం తెలియదు, రెండింటిలో ఏది బలమైనదన్న పోలికకూ అర్థం లేదు, పక్కనున్న 1658 లాంటి చిన్న బ్యాండ్ ఉన్నా దాగిపోతుంది. అతి బలమైన బ్యాండ్ కూడా సుమారు 10 శాతం పారగమ్యత దగ్గర ఆగేలా నమూనా తగ్గించి మళ్లీ తీయండి. ఇక అంకెలు. సాఫ్ట్‌వేర్ 1753.29 అని చూపినా, 4 సెం.మీ.⁻¹ విభేదన శక్తితో తీసిన వర్ణపటంలో దశాంశాలకు అర్థం లేదు, 1753 అని రాయండి. వెడల్పాటి బ్యాండ్‌కు ఒక్క అంకె ఇవ్వకుండా దాని పరిధిని ఇవ్వండి.

ఇవన్నీ చేసిన తరవాత రిపోర్టులో పట్టిక ఉంచవచ్చు, కానీ దాని కింద చర్చ ఒక పేరాగా ఉండాలి. బ్యాండ్లు మీరు చెప్పినట్టే ఉండి, ఒట్టి KBr బిళ్లలో కూడా తేమ జంట కనిపించిందనుకుంటే, నేనైతే ఇలా రాస్తాను:

"ఉత్పన్నం KBr బిళ్ల వర్ణపటంలో 1753, 1689 దగ్గర రెండు బలమైన C=O బ్యాండ్లు ఉన్నాయి. అదే పద్ధతిలో తీసిన సాలిసిలిక్ ఆమ్లం వర్ణపటంలో 1658 దగ్గర ఒకే C=O బ్యాండ్ ఉంది. 1753 బ్యాండ్‌ను, వలయంతో సంయుగ్మం లేని ఫినాల్ ఎస్టర్ C=O గా గుర్తించాం. 1185 దగ్గరి బలమైన బ్యాండ్ ఎస్టర్ C–O కు సరిపోతుంది, 1800కు పైన C=O బ్యాండ్ లేకపోవడం వల్ల ఎన్‌హైడ్రైడ్‌ను మినహాయించాం. 1689 బ్యాండ్‌ను, వలయంతో సంయుగ్మం చెంది డైమర్‌గా ఉన్న కార్బాక్సిలిక్ ఆమ్లం C=O గా గుర్తించాం. 3300–2500 మధ్య వెడల్పాటి O–H బ్యాండ్, 917 దగ్గరి తలబాహ్య O–H వంపు బ్యాండ్ దీన్ని సమర్థిస్తున్నాయి. ఆమ్లపు C=O 1658 నుంచి 1689కి పెరగడం, ఫినాల్ O–H ఎసిటైలేషన్ వల్ల అణువు లోపలి హైడ్రోజన్ బంధం పోవడానికి అనుగుణంగా ఉంది. 3430, 1635 దగ్గరి బలహీన బ్యాండ్లు ఒట్టి KBr బిళ్లలో కూడా ఉన్నందున వాటిని తేమకు ఆపాదించాం. సాలిసిలిక్ ఆమ్లపు 3235, 1658 బ్యాండ్లు గుర్తించదగిన స్థాయిలో కనిపించలేదు."

ఇందులో 917, 1185 అంకెలను మీ వర్ణపటంలో మీ కళ్లతో చూసి, అక్కడ వచ్చిన విలువలే రాయండి. ఒట్టి KBr బిళ్ల తీయకపోతే తేమ వాక్యాన్ని "3430, 1635 జంట తేమను సూచిస్తోంది, ఒట్టి KBr తో నిర్ధారించలేదు" అని మార్చి రాయండి. 1605 బ్యాండ్‌ను వలయపు C=C సాగుడుగా పట్టికలో ఒక వరుసలో చూపితే చాలు. ఎస్టర్‌కూ ఆమ్లానికీ సంబంధించిన ఈ వాదనలో దానికి పాత్ర లేదు.